పేపర్లు, గ్రాంట్లు, బోధన: మూడింటినీ ఒకే శైలిలోకి తెచ్చిన నా సీవీ

గుంటూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకు దరఖాస్తు పెట్టే సమయం వచ్చినప్పుడు, ఏళ్ల తరబడి ఒక్కో వరుస చేరుతూ పెరిగిన సీవీని పక్కన పెట్టి, మొత్తం కొత్తగా కూర్చాను. పాత ఫైల్లో పేపర్ల వివరాలు పత్రికల వెబ్‌సైట్ల నుంచి వచ్చినవి. ఒక్కో ప్రచురణకర్త ఒక్కో పద్ధతిలో ఇస్తాడు కాబట్టి, ఒకచోట పత్రిక పేరు పూర్తిగా ఉంటే ఇంకోచోట పొట్టి రూపంలో ఉండేది. ఒకచోట సంవత్సరం రచయితల పక్కన ఉంటే ఇంకోచోట చివర ఉండేది. గ్రాంట్లు పట్టికలో, బోధన వివరాలు చుక్కల జాబితాలో ఉండేవి. ఒక్కో భాగం విడిగా చూస్తే తప్పేమీ లేదు. అన్నీ ఒక కాగితం మీదకు వచ్చేసరికి చదివేవారు ప్రతి పేజీలోనూ కొత్తగా వెతుక్కోవలసి వచ్చేది.

ముందు తేల్చుకోవలసింది పేపర్ల వివరాలను ఏ శైలిలో రాయాలన్నది. మా సబ్జెక్టులో సహజంగా వాడేది అమెరికన్ కెమికల్ సొసైటీ శైలి. అందులో పత్రికల పేర్లు కుదించి రాస్తారు. కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఆ పొట్టి పేర్లు కంఠస్థమే కానీ, ఎంపిక కమిటీలో వేరే విభాగాల వాళ్లూ ఉంటారు. ఆ పొట్టి పేరు వెనక ఏ పత్రిక ఉందో వాళ్లు ఊహించుకోవాలి. ఇంజనీరింగ్ వాళ్లు వాడే ఐఈఈఈ శైలిలో ఆరుగురి కంటే ఎక్కువ రచయితలుంటే మొదటి పేరు రాసి మిగతావాళ్లను ‘తదితరులు’ అని మింగేస్తారు. ఏడుగురు కలిసి రాసిన పేపర్లో నా పేరు మూడోది అయితే, ఆ శైలిలో నా సీవీలోనే నా పేరు కనిపించదు.

మన దగ్గర రచయితల వరుసకు లెక్క ఉంది. 2018 నాటి యూజీసీ నిబంధనల్లో రిసెర్చ్ స్కోరు లెక్కకట్టే పట్టిక ప్రకారం, ఇద్దరు రాసిన పేపరుకు ఒక్కొక్కరికీ మొత్తం మార్కుల్లో 70 శాతం వస్తుంది. ఇద్దరి కంటే ఎక్కువ మంది ఉంటే మొదటి రచయితకు లేదా కరస్పాండింగ్ రచయితకు 70 శాతం, మిగతావాళ్లకు తలా 30 శాతం. అంటే ఒక్కో పేపర్లో ఎంతమంది ఉన్నారు, నేను ఎన్నోదాన్ని అన్నది కనబడకపోతే ఆ వరుస సగం పనికే వస్తుంది. అందుకే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి ఏపీఏ శైలి ఎంచుకున్నాను. 2019లో వచ్చిన దాని ఏడో ఎడిషన్ ప్రకారం ఇరవై మంది వరకు రచయితల పేర్లన్నీ రాయాలి. పత్రిక పేరు పూర్తిగా రాయాలి. ఈ రెండు నియమాలూ కమిటీకి కావలసినవే. అంతకుముందున్న ఆరో ఎడిషన్‌లో ఏడుగురు దాటితే మధ్య పేర్లు చుక్కల్లో కలిసిపోయేవి. కాబట్టి సాఫ్ట్‌వేర్లో ఏపీఏ అని ఎంచుకునేటప్పుడు ఎన్నో ఎడిషనో కూడా చూసుకోవాలి.

బ్రాడీపేటలో ఉండే మా గురువుగారు రిటైర్ కాకముందు ఎంపిక కమిటీల్లో చాలాసార్లు కూర్చున్నారు. శైలి ఎంచుకున్నాక ఆయన దగ్గరకు వెళ్లాను. “అమ్మా, ఒక్కో సీవీకి కమిటీలో దొరికేది కొద్ది నిమిషాలే. నేను వెతికేది మూడే: నీ పేరు ఎన్నోది, ఏ ఏడాది, ఎక్కడ అచ్చయింది. ఆ మూడూ ప్రతి వరుసలో ఒకే క్రమంలో వస్తే, నా కన్ను దానంతటదే అక్కడికి పోతుంది” అన్నారు. తర్వాత నేను తీసుకున్న నిర్ణయాలన్నీ ఈ మాటకు కట్టుబడి తీసుకున్నవే.

ఏపీఏ వరుసలో నాలుగు భాగాలుంటాయి: ఎవరు, ఎప్పుడు, ఏమిటి, ఎక్కడ. రచయితల పేర్లు, బ్రాకెట్లలో సంవత్సరం, శీర్షిక, ప్రచురించిన చోటు. ఒక్కో భాగం తర్వాత ఒక ఫుల్‌స్టాప్. కామాలు, ఇటాలిక్‌లు, పేపరుకు శాశ్వత గుర్తింపుగా ఇచ్చే డీఓఐ లింకులు అన్నీ ఈ నాలుగింటి లోపల సర్దుకునేవే. పేపర్లకే కాదు, గ్రాంటుకూ, చెప్పిన కోర్సుకూ ఈ నాలుగు ప్రశ్నలు వర్తిస్తాయి. సీవీ అంతా ఒకే శైలిలో ఉండాలంటే మూడు భాగాల్లోనూ ఈ నాలుగూ ఇదే క్రమంలో రావాలని నాకు అర్థమైంది అక్కడే.

పేపర్లన్నిటినీ, వాటి వివరాలు దాచి కోరిన శైలిలో జాబితా తయారుచేసే జోటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్లోకి చేర్చాను. మంత్రదండం బొమ్మ ఉన్న బటన్ నొక్కి డీఓఐ ఇస్తే వివరాలన్నీ దానంతట అదే తెచ్చుకుంటుంది. తెచ్చుకున్నది ప్రచురణకర్త నమోదు చేసిన సమాచారమే కాబట్టి, అక్కడ తేడా ఉంటే ఇక్కడా తేడానే. మన పేర్ల విషయంలో అది మరీ ఎక్కువ. నా అసలు పేరు ఇక్కడ అవసరం లేదు. లక్ష్మీప్రసన్న అని, ఇంటిపేరు మొదటి అక్షరం ‘కె’ అని అనుకుందాం. నా పేపర్లలో ఒక్కటి తప్ప అన్నిటి మీదా పేరు ఒకే రకంగా అచ్చయింది: ముందు ఇంటిపేరు అక్షరం, తర్వాత పేరు. కానీ ఏపీఏ వరుసలో కుటుంబనామం ముందు, పొడి అక్షరాలు తర్వాత రావాలి. ఏది కుటుంబనామమో తేల్చింది ఎక్కడో కూర్చుని వివరాలు నింపిన మనిషి. జోటెరోలోంచి బయటకు వచ్చిన రూపాలు ఇవి:

```
Prasanna, K. L.
K, L. P.
Lakshmi Prasanna, K.
Prasanna, L.
```

నాలుగూ ఒకే మనిషి. రెండోది చూస్తే అది పేరేనా అని అనుమానం వస్తుంది. ‘కె’ అనే ఒంటి అక్షరాన్ని ఎవరో కుటుంబనామం గడిలో వేశారు. మన ప్రాంతం నుంచి వెళ్లే పేపర్లలో ఇది చాలా తరచుగా కనిపిస్తుంది. చివరి రూపంలో ఇంటిపేరు అక్షరమే ఎగిరిపోయింది.

వీటిని సరిదిద్దవచ్చా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న. ప్రచురితమైన పేరును మార్చి రాయకూడదు; సీవీలోని వరుసను పట్టుకుని వెతికే మనిషికి అదే పేపరు దొరకాలి. అయితే పీడీఎఫ్ మొదటి పేజీ తెరిచి చూస్తే నాలుగింటి మీదా పేరు ఒకేలా ఉంది. తిరగేయడంలోనే తేడా వచ్చింది, అచ్చులో కాదు. కాబట్టి జోటెరోలో కుటుంబనామం గడిలో `Lakshmi Prasanna`, పక్క గడిలో `K.` అని అన్నిటికీ ఒకే రకంగా పెట్టాను. పేరును విడగొట్టకుండా ఉంచడమే మన పేర్లకు సరైన పద్ధతి అని నా అభిప్రాయం. పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు రాసిన ఒక పాత పేపరు మీద మాత్రం ఇంటిపేరు పూర్తిగా అచ్చయింది. దాన్ని అచ్చయినట్లే వదిలేశాను. సీవీ మొదటి పేజీలో పేరు కింద, నా పేపర్లు ఈ రెండు పేర్లతో కనిపిస్తాయని ఒక వాక్యం రాసి, పక్కనే ఒక్కో పరిశోధకుడికీ విడిగా ఉండే గుర్తింపు అయిన ఆర్కిడ్ నంబరు లింకు ఇచ్చాను. ఆర్కిడ్ ప్రొఫైల్లో మన ఇతర పేర్లు చేర్చుకునే చోటు ఉంది. రెండు రూపాలూ అక్కడ చేర్చాను. ఇక ఎవరైనా అనుమానంతో వెతికినా రెండూ ఒకే నంబరు దగ్గరకు చేరతాయి. తోటి రచయితల పేర్లకూ ఇదే పద్ధతి: వాళ్ల పేపరు మొదటి పేజీ చూసి సరిచేయాలి తప్ప, వాళ్ల ఇంటిపేరు నాకు తెలుసు కదా అని అచ్చులో లేనిది చేర్చకూడదు.

తర్వాత శీర్షికలు. ఏపీఏలో పేపరు శీర్షిక మామూలు వాక్యంలా ఉంటుంది. మొదటి పదానికి, కోలన్ తర్వాతి పదానికి, విశేష నామాలకు మాత్రమే పెద్దక్షరం. పత్రిక పేరులో మాత్రం ముఖ్య పదాలన్నిటికీ పెద్దక్షరాలే. ప్రచురణకర్తల దగ్గర నుంచి వచ్చిన శీర్షికలు కొన్ని ప్రతి పదానికీ పెద్దక్షరంతోనూ, కొన్ని మొత్తం పెద్దక్షరాలతోనూ వచ్చాయి. జోటెరో ఏపీఏ శైలిలో జాబితా తయారుచేసేటప్పుడు వీటిని తనంతట తాను చిన్నక్షరాల్లోకి మార్చదు. శీర్షిక గడి మీద కుడి బటన్ నొక్కి `Transform Text`లో `Sentence case` ఎంచుకోవాలి. అది నొక్కాక శీర్షికను కళ్లతో చదవాలి. ఊరి పేర్లు, మూలకాల గుర్తులు, కుదింపులు అన్నీ నిలిచి ఉన్నాయో లేదో యంత్రానికి తెలియదు. మిరప శాస్త్రీయ నామం శీర్షికలో ఉంటే అది ఇటాలిక్‌లో ఉండాలి, ప్రజాతి మొదటి అక్షరం పెద్దదిగా ఉండాలి. జోటెరోలో దాన్ని ఇలా రాస్తే బయటకు వచ్చేటప్పుడు ఇటాలిక్ అవుతుంది; రసాయన సూత్రాల్లో అంకె కిందకు దిగడానికీ ఇలాంటి గుర్తే ఉంది.

```
<i>Capsicum annuum</i>
TiO<sub>2</sub>
```

సంవత్సరం దగ్గర కూడా ఆగవలసి వచ్చింది. నా పేపరు ఒకటి డిసెంబరులో ఆన్‌లైన్‌లో వచ్చి, మరుసటి ఏడాది సంచికలో చేరింది. ప్రచురణకర్త నమోదులో రెండు తేదీలూ ఉంటాయి. సంపుటి, సంచిక, పేజీ నంబర్లు ఇస్తున్నప్పుడు ఆ సంపుటి వెలువడిన సంవత్సరమే ఇవ్వాలి. పాత సంవత్సరం, కొత్త సంపుటి కలిపి రాస్తే ఆ రెండూ పొసగవు, పట్టుకునేవాళ్లు వెంటనే పట్టుకుంటారు. అంగీకారం వచ్చి ఇంకా వెలువడని పేపరుకు సంవత్సరం బదులు `in press` అని రాస్తారు. పంపి జవాబు కోసం చూస్తున్న పేపరుకు శీర్షిక తర్వాత చదరపు బ్రాకెట్లలో `Manuscript submitted for publication` అని రాయాలి. దానికి పత్రిక పేరు రాయకూడదు. పెద్ద పత్రికకు పంపినంత మాత్రాన ఆ పేరు మనకు చెందదు కాబట్టి ఆ నియమం నాకు నచ్చింది. ఈ రకం వరుసలను అచ్చయిన పేపర్ల మధ్యలో కలపకుండా చివర విడిగా పెట్టాను.

డీఓఐలన్నిటినీ ఒక్కొక్కటిగా నొక్కి చూశాను. ఏడో ఎడిషన్‌లో డీఓఐని `https://doi.org/` తో మొదలయ్యే పూర్తి లింకుగా రాయాలి, చివర ఫుల్‌స్టాప్ పెట్టకూడదు. కొన్ని చిన్న పత్రికలు పీడీఎఫ్ మీద డీఓఐ అచ్చువేస్తాయి కానీ దాన్ని నమోదు చేయవు. అలాంటిది నొక్కితే `DOI Not Found` అనే పేజీ వస్తుంది. నా జాబితాలో అలాంటి పేపరు ఒకటి బయటపడింది. పని చేయని లింకు పెట్టడం కన్నా పేజీ నంబర్లతో ఆపడం మేలు. ఆ పత్రిక వెబ్‌సైట్లో పేపరు ఉన్న పేజీ చిరునామా మాత్రం ఇచ్చాను. అన్నీ సరిచేశాక ఒక వరుస ఈ ఆకారంలోకి వచ్చింది:

```
Author, A., Lakshmi Prasanna, K.*, & Author, B. (2022).
Removal of chlorpyrifos from water on tamarind seed
carbon: Effect of pH. Journal Name, 14(3), 211–219.
https://doi.org/10.xxxx/xxxxx
```

ఇందులో పత్రిక పేరు, సంపుటి నంబరు ఇటాలిక్‌లో ఉంటాయి. బ్రాకెట్లలోని సంచిక నంబరు మామూలుగా ఉంటుంది. నక్షత్రం గుర్తు ఏపీఏది కాదు, నేను చేర్చింది. కరస్పాండింగ్ రచయిత ఎవరో ఆ శైలి చెప్పదు, యూజీసీ లెక్కకు మాత్రం అది కావాలి. అందుకే ఆ గుర్తు అర్థాన్ని పేపర్ల భాగం మొదట్లో ఒక్క వాక్యంలో చెప్పాను. నా పేరును బోల్డ్ చేశాను. ఇదీ శైలిలో లేనిదే, కానీ పేర్ల మధ్యలో నా స్థానం వెతకకుండా కనబడాలంటే ఇంతకన్నా మంచి దారి లేదు.

ఏపీఏ జాబితా మామూలుగా అక్షర క్రమంలో ఉంటుంది. సీవీకి అది పనికిరాదు, కొత్తది పైన ఉండాలి. జోటెరో శైలుల భాండాగారంలో `curriculum vitae` అని వెతికితే ఏపీఏ ఆధారంగా కొత్తవి ముందు వచ్చేలా చేసిన శైలి దొరుకుతుంది. మామూలు ఏపీఏ వాడి చేత్తో సర్దుకున్నా తప్పు లేదు, కానీ ఒకటి గమనించాలి. ఒకే జట్టు ఒకే ఏడాదిలో రెండు పేపర్లు రాసి ఉంటే సంవత్సరం పక్కన `2022a`, `2022b` అని అక్షరాలు చేరతాయి. వ్యాసం మధ్యలో వాటిని వేరుచేసి ప్రస్తావించడానికి ఉన్న ఏర్పాటు అది. సీవీలో ఎవరూ అలా ప్రస్తావించరు కాబట్టి ఆ అక్షరాలు తీసేశాను.

ఇక గ్రాంట్లు. గ్రాంటుకు సైటేషన్ శైలి ఉండదని, పట్టికలో వేయడమే దారి అని మా స్టాఫ్ రూమ్‌లో అందరూ అనుకుంటారు. ఏపీఏ ఏడో ఎడిషన్‌లో గ్రాంటును ఎలా ఉదహరించాలో నమూనా ఉంది. ముందు పరిశోధకుడి పేరు, బ్రాకెట్లలో హోదా, తర్వాత మొదలూ చివరా సంవత్సరాలు, ప్రాజెక్టు శీర్షిక ఇటాలిక్‌లో, ప్రాజెక్టు నంబరు, చదరపు బ్రాకెట్లలో గ్రాంటు అన్న మాట, చివర నిధులిచ్చిన సంస్థ. అవే నాలుగు ప్రశ్నలు, అదే క్రమం.

```
Lakshmi Prasanna, K. (Principal Investigator).
(2019–2021). Low-cost adsorbents from farm waste
(Sanction No. XX/XX/2019) [Grant]. Funding Agency.
₹4,80,000. Completed.
```

మొత్తం సొమ్ము, పూర్తయిందో లేదో ఏపీఏ నమూనాలో లేవు. ఆ రెండూ నేను చివర చేర్చాను, ప్రతి గ్రాంటుకూ అదే చోట. ఎందుకంటే యూజీసీ పట్టికలో పది లక్షలు దాటిన ప్రాజెక్టు పూర్తయితే 10 మార్కులు, అంతకు తక్కువదైతే 5. ఇంకా నడుస్తున్నవాటికి అవి 5, 2 అవుతాయి. ఉమ్మడి ప్రాజెక్టులో ప్రధాన పరిశోధకుడికీ సహ పరిశోధకుడికీ చెరి సగం. సొమ్ము, స్థితి, హోదా మూడూ లేని వరుసను చూసి ఎవరూ మార్కు వేయలేరు. సొమ్మును లక్షల్లో కుదించకుండా మంజూరైన మొత్తాన్ని పూర్తి అంకెల్లో రాశాను. విడుదలైన మొత్తం వేరుగా ఉండవచ్చు, కానీ ఉత్తర్వులో ఉండేది మంజూరైనదే. ఎవరైనా పోల్చి చూసేదీ ఆ ఉత్తర్వుతోనే.

నేను సహ పరిశోధకురాలిగా ఉన్న ప్రాజెక్టులో ప్రధాన పరిశోధకుడి పేరే ముందు రాసి, నా పేరు రెండోదిగా నా హోదాతో రాశాను. పేపర్ల భాగంలో ఇతరుల పేర్లను వాళ్ల వరుసలో ఉంచి, గ్రాంట్ల భాగంలో మాత్రం నా ఒక్క పేరే రాయడం ఒకే శైలి అనిపించుకోదు. పైగా ఆ ప్రాజెక్టు మొత్తం నాదే అనే అర్థం వస్తుంది. సంస్థ పేరును మంజూరు ఉత్తర్వులో ఉన్నట్లే రాయాలి. పరిశోధనకు నిధులిచ్చే సెర్బ్ అనే కేంద్ర సంస్థ 2023 నాటి చట్టంతో వచ్చిన అనుసంధాన్ నేషనల్ రిసెర్చ్ ఫౌండేషన్‌లో కలిసిపోయింది. అయినా పాత గ్రాంటుకు పాత పేరే రాయాలి. ఉత్తర్వు నంబరుకు ఇంకొక ఉపయోగం ఉంది. పేపరు చివర కృతజ్ఞతల్లో మనం అదే నంబరు అచ్చువేసి ఉంటాం. సీవీలో ఉన్న నంబరు, పేపర్లో ఉన్న నంబరు అక్షరం కూడా తేడా లేకుండా ఒకటిగా ఉన్నాయా అని ఒక్కో పీడీఎఫ్ తెరిచి పోల్చాను. సెమినార్‌కు వెళ్లడానికి ఇచ్చిన ప్రయాణ ఖర్చులను గ్రాంట్లలో కలపలేదు. మంజూరు కాని ప్రతిపాదనలు ఆ భాగంలోకి రానేరావు.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది బోధన గురించి. కోర్సుకు ఏపీఏలో నమూనా లేదు. నాలుగు ప్రశ్నలు పెట్టి చూస్తే ‘ఎవరు’ అన్న చోట ప్రతి వరుసలోనూ నా పేరే రావాలి. పేపర్లలోనూ గ్రాంట్లలోనూ ఇతరులతో కలిసి నా స్థానం చూపడానికి ఆ పేరు కావాలి. బోధనలో అది ఏమీ చెప్పదు, పేజీ నిండా నా పేరే మోగుతుంది. గురువుగారు పట్టిక వేయమన్నారు. “పట్టికలో అయితే ఏడాది ఒక గడిలో, సబ్జెక్టు ఒక గడిలో పడతాయి కదా” అన్నారు. “మాస్టారూ, పట్టిక వేస్తే ఆ ఒక్క పేజీలోనే ఏడాది చోటు మారిపోతుంది, మీరు చెప్పిందే తప్పుతుంది” అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, “మరి పేరు లేకుండా నీ శైలి ఎలా మొదలవుతుంది?” అని అడిగారు.

దానికి జవాబు ఏపీఏలోనే ఉంది. రచయిత పేరు లేని రచనకు శీర్షిక ముందుకు జరిగి రచయిత స్థానంలోకి వస్తుంది, సంవత్సరం దాని తర్వాత వస్తుంది. భాగం శీర్షికలోనే ఇది నా బోధన అని ఉన్నప్పుడు రచయిత చోటు ఖాళీ అనుకుని ఈ నియమాన్నే వాడవచ్చు. ఆ నియమం ప్రకారం వరుసలు ఇలా కుదిరాయి:

```
Engineering chemistry (R20) [Theory, B.Tech. first
year]. (2020–2023). Department, College Name.

Engineering chemistry (R19) [Theory, B.Tech. first
year]. (2019–2020). Department, College Name.
```

గ్రాంటులో మంజూరు నంబరు ఉన్న చోట ఇక్కడ రెగ్యులేషన్ వచ్చింది. గ్రాంటు అన్న మాట ఉన్న చదరపు బ్రాకెట్లలో ఇక్కడ థియరీయా ల్యాబా, ఏ ఏడాది విద్యార్థులకు అన్నది వచ్చింది. కోర్సు పేర్లకు అన్ని పదాలకూ పెద్దక్షరాలు పెట్టడం మన అలవాటు. పైనున్న శీర్షికలన్నీ వాక్యంలా ఉన్నాయి కాబట్టి వీటినీ అలాగే ఉంచి ఇటాలిక్ చేశాను.

రెగ్యులేషన్ ఎందుకు రాయాలో బయటివారికి వింతగా ఉండవచ్చు. మా ప్రాంతంలో జేఎన్‌టీయూ కాకినాడకు అనుబంధంగా ఉన్న కాలేజీల్లో సిలబస్ ఆర్16, ఆర్19, ఆర్20, ఆర్23 అంటూ మారుతూ వచ్చింది. ఆ అంకె ఆ సిలబస్‌తో చేరిన మొదటి బ్యాచ్ సంవత్సరం. మొదటి ఏడాది వాళ్లకు చెప్పే నాలాంటి వాళ్లకు దీనివల్ల సంవత్సరాలు తేలిగ్గా తేలతాయి. ఆర్19 మొదటి ఏడాదిని ఒక్క 2019–20లోనే చెప్పగలం, మరుసటి ఏడాది చేరినవాళ్లది ఆర్20. మూడో ఏడాది వాళ్లకు చెప్పేవారికి ఇదే లెక్క రెండేళ్ల తర్వాత వర్తిస్తుంది. సీవీలో 2019లోనే మూడో ఏడాదికి ఆర్19 చెప్పినట్లు ఉంటే అది కుదరని పని అని మన వాళ్లెవరైనా చూడగానే చెబుతారు. విద్యా సంవత్సరాలు రెండేసి క్యాలెండర్ సంవత్సరాల మీద పరుచుకుని ఉంటాయి కాబట్టి మొదటిదాని మొదలు, చివరిదాని చివర రాశాను. ఒకే కోర్సును ఒకే ఏడాది అనేక సెక్షన్లకు చెప్పినా వరుస ఒక్కటే. సెక్షన్లను విడివిడిగా రాస్తే జాబితా పొడుగవుతుంది తప్ప కొత్త విషయం ఏదీ చేరదు.

ఎమ్మెస్సీ విద్యార్థుల థీసిస్‌లు మాత్రం బోధన కింద ఉన్నా రచయిత పేరుతో మొదలవుతాయి, ఎందుకంటే రచయిత విద్యార్థి. అక్కడ ఏపీఏలో థీసిస్‌కు ఉన్న నమూనానే వాడి, చివర పర్యవేక్షకురాలిగా నా హోదా రాశాను. విద్యార్థి రచనను గైడ్ పేరుతో మొదలుపెట్టిన సీవీలు చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది.

పేజీ అమరికకు వర్డ్‌లో ఒకే ఒక పేరా స్టైల్ తయారుచేశాను. మొదటి పంక్తి అంచు నుంచి మొదలై, మిగతా పంక్తులు అర అంగుళం లోపలికి ఉండాలి. `Paragraph` కిటికీలో `Special` కింద `Hanging` ఎంచుకుని 0.5 ఇస్తే చాలు. పేపర్లు, గ్రాంట్లు, కోర్సులు అన్నీ అదే స్టైల్. స్పేస్‌బార్‌తో గానీ ట్యాబ్‌తో గానీ జరిపితే, ఒక పదం మారగానే పంక్తులు చెదురుతాయి. ఏపీఏ చెప్పే రెండింతల పంక్తి దూరం వ్యాసాలకు సరే. సీవీలో మామూలు దూరం ఉంచి, వరుసకూ వరుసకూ మధ్య కొంచెం ఖాళీ వదిలాను. అన్నిటికీ ఒకే స్టైల్ కాబట్టి ఆ ఖాళీని ఒక్కచోట మారిస్తే అంతటా మారింది.

బోల్డ్ చివర చేయవలసిన పని. జోటెరో జాబితాను మళ్లీ తెచ్చి అతికిస్తే బోల్డ్ అంతా పోతుంది. పేపర్లన్నీ ఖాయమయ్యాక `Find and Replace`లో పైగడిలో నా పేరు, కిందిగడిలో `^&` అని రాసి, కిందిగడికి బోల్డ్ పెట్టాను. ఆ గుర్తుకు ‘దొరికినదాన్నే తిరిగి పెట్టు’ అని అర్థం. కాబట్టి పేరు చెదరకుండా బోల్డ్ మాత్రం పడుతుంది. పేరు అంతటా ఒకే రూపంలో ఉంటేనే ఇది పనిచేస్తుంది. పూర్తి ఇంటిపేరుతో ఉన్న పాత పేపరుకు విడిగా చేయవలసి వచ్చింది.

పేజీ నంబర్ల మధ్య, సంవత్సరాల మధ్య ఉండేది కీబోర్డు మీది పొట్టి గీత కాదు, కొంచెం పొడుగు గీత. వర్డ్‌లో దాన్ని వెతికే గుర్తు `^=`. రెండు అంకెల మధ్య ఉన్న పొట్టి గీతలన్నిటినీ ఒకేసారి మార్చేయాలనిపిస్తుంది, కానీ `Replace All` నొక్కకూడదు. ఆర్కిడ్ నంబరులో అంకెల మధ్య పొట్టి గీతలే ఉంటాయి, కొన్ని డీఓఐలలోనూ ఉంటాయి. అవి పొడుగు గీతలైతే చూడ్డానికి తేడా తెలియదు, ఆ అక్షరాలను కాపీ చేసి వెతికితే మాత్రం ఏమీ దొరకదు. `Find Next` నొక్కుతూ ఒక్కొక్కటే చూసి మార్చాను.

పీడీఎఫ్ చేశాక, ప్రింటు తీశాక కూడా ఒక పరీక్ష మిగిలింది. చాలా దరఖాస్తు ఫారాల్లో ఈ వరుసలనే ఆన్‌లైన్‌లో ఖాళీ గడుల్లో అతికించమంటారు. ఆ గడుల్లో ఇటాలిక్, బోల్డ్, లోపలికి జరిగిన పంక్తులు ఏవీ నిలవవు. పీడీఎఫ్‌లోని మూడు భాగాలనూ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చదివాను. ఇటాలిక్ లేకపోయినా శీర్షిక ఎక్కడ ముగిసి పత్రిక పేరు ఎక్కడ మొదలైందో ఫుల్‌స్టాప్‌ను బట్టి తెలుస్తోంది. బోల్డ్ లేకపోయినా కరస్పాండింగ్ రచయిత ఎవరో నక్షత్రం చూపుతోంది. ఒక డీఓఐ మాత్రం పంక్తి చివర విరిగి మధ్యలో ఖాళీ చేరింది. దాన్ని కలిపి, బ్రౌజరులో అతికించి, పేపరు పేజీ తెరుచుకున్నాక ఫారంలోకి ఎక్కించాను.